వన్ బై టూ చాయ్ మీమ్‌ని అరబిక్‌లోకి ఎలా తేవాలి?

హైదరాబాద్ ఇరానీ హోటల్ మీద రెండు బొమ్మల మీమ్ ఒకటి ఉంది. ఎడమ బొమ్మలో నలుగురు స్నేహితులు "రెండు చాయ్, వన్ బై టూ" అంటారు. కుడి బొమ్మలో చీకటి పడినా వాళ్లు అక్కడే కూర్చుని ఉంటారు, వెయిటర్ గుర్రుగా చూస్తుంటాడు. దీన్ని రియాద్‌లో ఉన్న అరబ్బు సహోద్యోగుల కోసం అరబిక్‌లో పెట్టాలి.

అరబిక్ కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి ముగింపే ముందు కనిపించింది. మొత్తం బొమ్మను అద్దంలోలా తిప్పితే హోటల్ బోర్డు అక్షరాలు తిరగబడ్డాయి. బొమ్మల స్థానాలు మాత్రమే మార్చాక అది సరిపోయింది.

చిక్కంతా జోక్‌లోనే. మాటకు మాట పెడితే, చాయ్ సగం ధరకు ఇస్తారా అని అడిగారు. ఒక టీని ఇద్దరు పంచుకుంటారని కింద వివరిస్తే అర్థమైంది కానీ ఎవరూ నవ్వలేదు. అక్కడి కరక్ చాయ్ పేరు పెడితే నవ్వారు, కానీ ఫొటోలో సాసర్లు, ఉస్మానియా బిస్కెట్లు ఉండటంతో అతకలేదు. పైగా హైదరాబాద్ పోయింది, అది నాకు బాధగా ఉంది.

నా దృష్టిలో అసలు నవ్వు తక్కువ ఆర్డరిచ్చి ఎక్కువసేపు కూర్చోవడంలో ఉంది. అందుకే ఫొటో అలాగే ఉంచి, మాట మాత్రం "రెండు టీలు, రెండు ఖాళీ కప్పులు" అని గల్ఫ్ వాడుక భాషలో మార్చాలనుకుంటున్నాను.

సౌదీ వాళ్లతో కలిసి పనిచేసినవారు చెప్పండి: ఈ మాట వాళ్లకు సరదాగా అనిపిస్తుందా, పిసినారితనంలా తోస్తుందా?