సంక్రాంతి శుభాకాంక్షల్లో ఈ సామెత ఉంచాలా, తీసేయాలా?

బంధువులందరికీ చేతితో రాసిన సంక్రాంతి కార్డులు పంపుతున్నాను. మొదటి వాక్యంగా మా నాయనమ్మ మాట పెట్టాను: “సంక్రాంతికి చంకలెత్తకుండా చలి అంటారు కదా, భోగిమంట దగ్గర మీరంతా గుర్తొస్తారు.” చేతులు ఒంటికి అదుముకుని కూర్చునేంత చలి అని అర్థం. ఊళ్లో ఉన్న పెద్దనాన్నకు ఇది సరిగ్గా అతికింది. ఆ చలి ఆయన చుట్టూ ఉంది, సామెత చెప్పిన మనిషి ఆయన తల్లి.

అదే వాక్యం మెల్‌బోర్న్‌లోని చెల్లెలికి రాస్తే పేలవంగా ఉంది. జనవరిలో వాళ్లకు నడివేసవి. “నీకు అక్కడ ఎండలు, మాకు ఇక్కడ చంకలెత్తనివ్వని చలి” అని తిప్పి రాశాను. ఇప్పుడు సామెత తనను పలకరిస్తోందా, లేక నా తెలుగును చూపించుకుంటున్నట్టుందా?

అసలు ఇబ్బంది మా మేనమామ కార్డుతో. కోసి పనల మీద ఉన్న వరి డిసెంబరు వానకు తడిసి మొలకెత్తింది. పోయినేడు ఆయనకు “రైతే రాజు” అని రాశాను, మురిసిపోయారు. ఈసారి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. “కష్టాలు కలకాలం ఉండవు” అన్నా పండుగ పూట ఓదార్పు ఉత్తరంలా తోస్తోంది. సామెత మానేసి, “మామయ్యా, కనుమకు వస్తున్నాం” అని మాత్రం రాస్తే చాలంటారా? పంట పోయిన ఇంటికి మీరు ఏమని రాశారో చెప్పండి.