సమస్య: ఇచ్చినామె చీర నివ్వలేదు

తిరుపతి కోమలి: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: "ఇచ్చినామె చీర నివ్వలేదు." సందర్భం చదివింపుల పుస్తకం. పెండ్లికూతురు దాన్ని ముందర పెట్టుకుని, చీరలూ సామాన్లూ పెట్టినవాళ్లకు థాంక్సు మెసేజీలు పంపుతోంది. ఇచ్చినామె ఇవ్వకపోవడం ఎలా కుదిరిందో మిగతా మూడు పాదాల్లో చెప్పండి.

కుప్పం తమ్ముడు:
బిందె నిచ్చె నామె, పేరేమొ చీరకు
వ్రాసి పెట్టినారు వరుస మారి
థాంక్సు పంపగానె పకపక నవ్వెను
ఇచ్చినామె చీర నివ్వలేదు

పుస్తకంలో ఒక వరుస కిందికి జారిందన్నమాట. పేరొకరిది, వస్తువొకరిది.

పుత్తూరు మాస్టారు: మొదటి పాదంలో బి–పే యతి చక్కగా కుదిరింది నాయనా. మూడో పాదంలో తప్పింది, 'థా'కు 'ప' చెల్లదు. "థాంక్సు పంపగానె తానేమొ నవ్వెను" అను, గణాలూ యతీ రెండూ సరిపోతాయి. భావం మాత్రం సగమే. బిందె ఇచ్చినామె చీర ఇవ్వలేదంటే అందులో విరోధం ఏముంది? చీరే ఇచ్చి, ఇవ్వనిది కావాలి. జారుడు సంగతి నిజమే. పేర్లు చదివేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు. ముహూర్తం దాటాక జనం ఒక్కసారిగా ఎక్కితే చెయ్యి వెనకబడుతుంది. పుస్తకంలో వరుస నంబరు వేసి, అదే నంబరు చీటీ పొట్లానికి అతికిస్తే రాత్రికి విప్పినప్పుడు తేడా పట్టుబడుతుంది.

పీలేరు పెద్దమ్మ: మా పాపకు రెండు మిక్సీలు వచ్చినాయి. ఒకటి వేరే పెండ్లిలో పెట్టేయొచ్చునా అని అడుగుతా ఉండాది. పద్యం నాకు రాదు, ఇది చెప్పండి.

తిరుపతి కోమలి: పెట్టొచ్చు పెద్దమ్మా. ఏ మిక్సీ ఎవరిదో పుస్తకంలో చూసుకోండి, ఇచ్చినవాళ్ల ఇంటికే తిరిగి పోకుండా.

చంద్రగిరి కోడలు:
అక్క కొన్న పట్టు నత్తయ్య చేతితో
పెళ్లి పీట మీద పెట్టి వెళ్లె
పద్దు పుస్తకాన పడెనత్త పేరదే
ఇచ్చినామె చీర నివ్వలేదు

ఇది నా సంగతే. తిరుచానూరులో మా పెండ్లికి వంకాయరంగు పట్టుచీరలు మూడు వచ్చినాయి. పుస్తకంలో మూడు చోట్లా "పట్టుచీర 1" అనే ఉంది, రంగు లేదు, అంచు లేదు. పెద్ద జరీ అంచు చీరకు అత్తయ్యకు మెసేజి పెడితే "నేను మోసుకొచ్చినానంతే, పెట్టింది బెంగళూరులో ఉన్న మీ పెద్దక్క" అనింది. అక్క రాలేకపోయి చీర పంపింది. నానుంచి ఒక్క మాట రాలేదని అప్పటికే మనసు కష్టపెట్టుకుని ఉంది. మిగతా రెండూ ఎవరివో స్టేజి ఫొటోల్లో ఎవరి చేతిలో ఏ అంగడి సంచి ఉందో చూసి పట్టుకున్నాను. పెట్టెల్లో అంగడి బిల్లు కవరు ఉండబట్టి సరిపోయింది. వెంకటగిరి చీర ఏదో, కంచి చీర ఏదో మా అమ్మ చూసి చెప్పింది.

పుత్తూరు మాస్టారు: ఇదీ పూరణ! తెచ్చిన చెయ్యి వేరు, పెట్టిన మనిషి వేరు. 'పేరదే'లో 'అదే' పాదం నింపడానికి వచ్చింది. "పడెనత్త పేరుతో" అంటే నేరుగా ఉంటుంది. నేను చెప్పిన నంబరు చీటీ ఉన్నా ఇక్కడ పనికిరాదమ్మా, ఎందుకంటే వరుసా చీరా సరిగానే కలుస్తాయి, పేరే తప్పు. అందుకని పుస్తకంలో రెండు గడులు గీయాలి. పొట్లం అందుకునేటప్పుడే "మీదేనా, ఎవరైనా పంపినారా?" అని అడగాలి. తర్వాత అడిగితే తెచ్చినామె ఊరెళ్లిపోయి ఉంటుంది. నా పూరణ:

తెచ్చినామె పేరు తెలుపగా నొకగడి
పంపినామె పేరు పక్కగడిని
చేర్చి చూడగానె చిక్కెల్ల వీడెను
ఇచ్చినామె చీర నివ్వలేదు

కుప్పం తమ్ముడు: మాస్టారూ, మీ పద్యంలో చిక్కు వీడిపోయింది, అందుకే విరోధం కూడా చప్పబడింది. అక్క పద్యంలో ఆ తికమక అలాగే నిలబడింది. నా ఓటు అక్కకే.

పుత్తూరు మాస్టారు: ఒప్పుకున్నాను. ఆ మాట నిజం.

చంద్రగిరి కోడలు: ఇంకో సందేహం ఉంది. మా ఆయన ఆఫీసువాళ్లు నలుగురు కలిసి గ్రైండరు పెట్టినారు. పుస్తకంలో ముందు నిలబడినాయన పేరే ఉంది. థాంక్సు నలుగురికీ విడివిడిగా పంపాలా, ఆయనకు చెబితే చాలా?

తిరుపతి కోమలి: విడివిడిగానే పంపాలంటాను నేను. రేపు వాళ్లిళ్లలో పెండ్లయితే నలుగురి దగ్గరికీ వేరువేరుగా పోవాలి కదా. నాలుగు పేర్లూ ఇప్పుడే కనుక్కుని ఆ వరుసలోనే రాసిపెట్టుకో.

పీలేరు పెద్దమ్మ: మేమైతే పెద్దాయనకు చెప్తే చాలంటాము. ఆయనే మిగతావాళ్లకు చెప్తాడు.

కుప్పం తమ్ముడు: చెప్పకపోతే? పెద్దక్క సంగతి మళ్లీ మొదలు.