తేజా మిర్చి కొటేషన్‌లో రేటు తప్పు వెళ్ళింది, ఇంకా ఆర్డర్ రాలేదు, ఇప్పుడేం చేయాలి?

గుంటూరు_అకౌంట్స్: మాది గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసు అండి. పొద్దున 11కి కోయంబత్తూరు పార్టీకి 3 టన్నుల తేజాకి మెయిల్ పెట్టా, వాళ్ళడిగింది తొడిమ తీసిన కాయ, నేను షీట్‌లో పక్క లైన్ చూసి తొడిమతో ఉన్న రేటు 176 వేసేశా, అసలు రేటు కిలో 198. తేడా 66 వేలు! వాళ్ళింకా ఓకే చెప్పలేదు. ఓనర్‌కి ఇంకా చెప్పలేదు, భయంగా ఉంది.

బెజవాడ_బుల్లోడు: మెయిల్ రీకాల్ కొట్టెయ్ బ్రో, అయిపోద్ది.

యార్డు_పాతకాపు: రీకాల్ మీ ఆఫీసు లోపలి మెయిళ్ళకే బాబూ, బయట పార్టీకి వెళ్ళింది వెనక్కి రాదు. జీమెయిల్ అన్‌డూ కూడా ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే. ముందు ఫోన్ చెయ్. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 5 ప్రకారం అవతలివాళ్ళు ఒప్పుకుంటున్నామని పంపేలోపు మన ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు, కానీ ఆ సంగతి వాళ్ళకి తెలియాలి కదా. నువ్వు మెయిల్ పెట్టి కూర్చుంటే, వాళ్ళు అది చూడకుండా పాత దానికే ఓకే కొట్టేస్తే పేచీ మొదలవుద్ది.

మంగళగిరి_చీరలు: మాకూ ఇలాగే అయ్యింది, బిల్లు కూడా వెళ్ళిపోయాక తెలిసింది, డెబిట్ నోట్ ఇవ్వాల్సొచ్చింది, జీఎస్టీ రిటర్న్‌లో చూపించాం.

యార్డు_పాతకాపు: అమ్మా అది బిల్లయ్యాక సంగతి, ఇక్కడింకా ఆర్డరే రాలా. ఫోన్ అయ్యాక అదే మెయిల్‌కి రిప్లై ఆల్ పెట్టు, కాపీలో ఉన్న వాళ్ళందరికీ వెళ్ళాలి. కొత్త మెయిల్ వేరుగా పెడితే వాళ్ళ పర్చేజ్ అబ్బాయి పాత పీడీఎఫ్ మీదే పర్చేజ్ ఆర్డర్ కొట్టేస్తాడు. ఇలా రాయి:

"ఈరోజు ఉదయం 11 గంటలకు పంపిన కొటేషన్‌లో తొడిమతో ఉన్న కాయ రేటు పొరపాటున పడింది. దాన్ని రద్దు చేస్తున్నాం. తొడిమ తీసిన తేజా కిలో రూ.198, 3,000 కిలోలకు రూ.5,94,000, జీఎస్టీ 5 శాతం రూ.29,700, మొత్తం రూ.6,23,700. సవరించిన కొటేషన్ జత చేశాం. ఈ రేటు రేపు సాయంత్రం వరకు. అందినట్టు రిప్లై ఇవ్వగలరు."

పీడీఎఫ్‌కి పాత నంబరే ఉంచి, సవరించిందని తెలిసేలా చివర ఆర్1 పెట్టు. క్షమాపణ ఒక్క లైన్ చాలు, నాలుగు లైన్లు రాస్తే డిస్కౌంట్ అడుగుతారు, నా అనుభవం.

బెజవాడ_బుల్లోడు: ఓకే చెప్పేశాక అయితే?

యార్డు_పాతకాపు: అప్పుడు కష్టమే. మన ఒక్కరి పొరపాటు వల్ల ఒప్పందం చెల్లదని సులువుగా అనలేం, మంచిమాటల్తో తేల్చుకోవాలి. ఓనర్‌కి మాత్రం ఇప్పుడే చెప్పెయ్ తమ్ముడూ, రేపు ఆయనకి ఆ పార్టీ నుంచే ఫోన్ వస్తే ఇంకా దారుణం.

గుంటూరు_అకౌంట్స్: ఓనర్‌కి చెప్పా, తిట్టారు కానీ ఫోన్ ఆయనే చేశారు. మెయిల్ పెట్టేశా, అందిందని రిప్లై వచ్చింది. ఇప్పుడు తేడాలో సగం మీరు భరించండి అంటున్నారు, 187కి ఇవ్వాలంట. ఓనర్ రేపు యార్డు రేటు చూసి చెప్తా అన్నారు.