రివ్యూయర్ అడిగిన మార్పులకు విడిగా లాగ్ పెట్టాలా?

నాలుగో_ఏడు: మాది సర్వే పేపర్. మొదటి రౌండులో రెండో రివ్యూయర్, "నిద్ర తగ్గడం వల్లే మార్కులు తగ్గాయనకండి, రెంటికీ సంబంధం ఉందని మాత్రమే రాయండి" అన్నారు. మార్చాం, మార్చామని జవాబులోనూ రాశాం. తర్వాత గైడు గారు సారాంశంలో ఇంగ్లిష్ సరిచేస్తూ మళ్లీ "వల్లే" పెట్టేశారు. రివ్యూయర్‌కి ఒళ్లు మండింది. ప్రతి కామెంటుకూ లాగ్ రాసుకోవాలా, ట్రాక్ చేంజెస్ చాలదా?

గిట్_భక్తుడు: లాగ్ దండగ. గిట్‌లో పెట్టండి, ఏ వాక్యం ఎవరు ఎప్పుడు మార్చారో తేలిపోతుంది.

పాత_ఎడిటర్: తేలేది చెడిపోయాక కదండీ. ఆ వాక్యం ఎందుకలా ఉందో, ఎవరికి మాటిచ్చామో మార్పుల చరిత్రలో మనం రాస్తేనే ఉంటుంది. ట్రాక్ చేంజెస్‌లో అయితే యాక్సెప్ట్ కొట్టగానే ఆ గుర్తే పోతుంది.

నేను ఎక్సెల్‌లో ఒక్కో కామెంటుకు ఒక్కో వరుస పెడతాను. మీదైతే 2.3 అనుకోండి, రెండో రివ్యూయర్ మూడో మాట. ఆయన మాటలు ఉన్నవున్నట్టు, మనం ఒప్పుకున్నది, అది ఎక్కడెక్కడ వర్తిస్తుందో. ఈ చివరిదే అసలు పని. రివ్యూయర్ ఒకచోటే వేలు పెడతారు, అదే మాట శీర్షికలో, సారాంశంలో, చర్చలో, బొమ్మ కింద కూడా దాక్కుని ఉంటుంది. పేజీ నంబరు రాయకండి, తర్వాతి డ్రాఫ్టుకు జరిగిపోతుంది. విభాగం పేరు, వాక్యంలో మొదటి నాలుగు మాటలు రాయండి. పక్కన "మళ్లీ రాకూడని మాట" అని ఒక గడి. పంపే ముందు ఆ గడి చూసి వెతకడమే:

```
grep -n -i "caus" paper.tex
```

గిట్_భక్తుడు: ఒక్క మాటకైతే సరే. రెండు మాటల పదబంధం ఒక లైను చివర విరిగి కింద లైనులోకి వెళ్తే దొరకదు. పైగా "leads to" అని రాస్తే మీ "caus" ఏం పట్టుకుంటుంది?

పాత_ఎడిటర్: నిజమే. అందుకే సారాంశం మాత్రం కళ్లతో చదవాల్సిందే.

థీసిస్_గట్టున: నా బాధ వేరు. ఒకరు పద్ధతుల భాగం కుదించమన్నారు, ఇంకొకరు పెంచమన్నారు. లాగ్ పెడితే రెండూ రాసుకుని ఏడవాలి.

పాత_ఎడిటర్: రాయండి. ఎవరి మాట తీసుకున్నారో, ఎందుకో పక్కనే పెట్టండి. కాదన్న వరుసను చెరపకండి, కొట్టేసి ఉంచండి. లేకపోతే మూడో డ్రాఫ్టులో ఇంకెవరో మంచి మనసుతో మళ్లీ కుదిస్తారు.

నాలుగో_ఏడు: అంతా బాగుంది కానీ మా గైడు గారు ఎక్సెల్ తెరవరు. వర్డ్ ఫైలు మెయిల్లో వస్తుంది, మెయిల్లోనే పోతుంది. ఒక్కోసారి రెండు డ్రాఫ్టుల కిందటి ఫైల్లో దిద్ది పంపుతారు.

పాత_ఎడిటర్: అయితే ఆ వాక్యం పక్కనే కామెంటు పెట్టండి, "2.3, మార్చొద్దు" అని. జర్నల్‌కి పంపేటప్పుడు తీసేయండి. పాత ఫైలుకు మాత్రం నా దగ్గరా మందు లేదు.

థీసిస్_గట్టున: గైడుకి "మార్చొద్దు" అని రాయాలా! నేనైతే "సార్, ఇది రెండో రివ్యూయర్ గారి మాట" అని రాస్తాను.