ఫొటోలోని చార్టు చూసి వేసిన డోపమైన్ లెక్కను పంపులో పెట్టవచ్చునా?

నర్సింగ్ విద్యార్థిని, గుణుపురం: మాకు పాత కేసు చార్టును ఫొటో తీసి అభ్యాసానికి ఇచ్చారు. వయసు 52, స్త్రీ, ఎత్తు 148 సెం.మీ., బరువు 88 కిలోలు. డోపమైన్ 200 మి.గ్రా. మొత్తం 50 మి.లీ. సిరంజిలో ఉంది, కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాములు ఇవ్వాలి. నాకు గంటకు 6.6 మి.లీ. వచ్చింది. మోతాదు హద్దులోనే ఉంది కనుక సరైనదే అనుకుంటున్నాను. ఫొటో చూసి వేసిన లెక్కను నమ్మకూడదని స్నేహితురాలు అంటోంది. ఎవరిది ఒప్పు? ఫొటో జతచేశాను.

ఫార్మసిస్టు, పర్లాకిమిడి: లెక్క తప్పు లేదమ్మా. 200 మి.గ్రా.ను 50తో భాగిస్తే మి.లీ.కి 4 మి.గ్రా., అంటే 4000 మైక్రోగ్రాములు. 5ను 88తో, ఆపై 60తో గుణిస్తే గంటకు 26,400 మైక్రోగ్రాములు. దానిని 4000తో భాగిస్తే 6.6 వస్తుంది. డోపమైన్ సాధారణంగా 2 నుంచి 20 మధ్య ఇస్తారు, 5 అందులోనే ఉంది. మైక్రోగ్రామును మిల్లీగ్రాముగా చదివి ఉంటే జవాబు వెయ్యి రెట్లు పెరిగి గంటకు 6600 మి.లీ. అయ్యేది, 50 మి.లీ. సిరంజిని చూస్తేనే అది అసాధ్యమని తెలిసిపోయేది. కాబట్టి ఫొటో అయితే ఏమిటి?

ఐసీయూ స్టాఫ్ నర్సు, బరంపురం: సార్, వెయ్యి రెట్ల తప్పు తనంతట తానే బయటపడుతుంది. రెండు రెట్ల తప్పు బయటపడదు, ఇక్కడ జరిగింది అదే. చెల్లీ, ఆ ఫొటోను పెద్దదిగా చేసి బరువు గడి చూడండి. అక్కడి రెండు అంకెలూ పైభాగంలో మూసుకోలేదు. అదే చార్టులో సమయం గడిలో ఉన్న 8 పూర్తిగా మూసి ఉంది. ఒడియాలో నాలుగును పైన మూయని ఎనిమిదిలా రాస్తారు. బరువు చీటీ ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి వస్తే అంకెలు ఒడియాలోనే ఉండవచ్చు. నాకు కనిపిస్తున్నది 44. 148 సెం.మీ. ఎత్తున్న మనిషి 88 కిలోలు ఉండడం అసాధ్యం కాదు గానీ, అంత అరుదైన అంకె కనిపించినప్పుడు అక్కడే ఆగాలి.

ఇప్పుడు జవాబును వెనక్కు నడిపించి చూడండి. పంపు గంటకు 6.6 మి.లీ. ఇస్తే నిమిషానికి 440 మైక్రోగ్రాములు వెళతాయి. 44తో భాగిస్తే కిలోకు 10, అంటే రాసిన దానికి రెట్టింపు. అయినా 10 కూడా ఆ 2–20 మధ్యనే ఉంది కాబట్టి, హద్దు చూసి తృప్తిపడేవారికి తప్పు కనబడదు. గుండె వేగం పెరిగి, లయ తప్పిన తరువాతే తెలుస్తుంది. సరైన వేగం గంటకు 3.3 మి.లీ.

గ్రామీణ ఆసుపత్రి నర్సు, రాయగడ జిల్లా: మా దగ్గర పంపు లేదక్కా. గంటకు మి.లీ. ఎన్నో నిమిషానికి చుక్కలు అన్నే అని నేర్చుకున్నాను కనుక, ఈ రోగికి నిమిషానికి మూడు చుక్కలు పెడితే చాలదా? ఒకసారి అలా చుక్కలు లెక్కపెట్టి ఇచ్చినప్పుడు మాత్రం రోగి గుండె వేగం 140 దాటింది, కారణం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఐసీయూ స్టాఫ్ నర్సు, బరంపురం: మి.లీ.కి 60 చుక్కలు వచ్చే మైక్రో డ్రిప్ సెట్‌కు మాత్రమే ఆ సూత్రం వర్తిస్తుంది. మి.లీ.కి 20 చుక్కల మామూలు సెట్ తగిలించి అవే చుక్కలు పెట్టి ఉంటే మూడు రెట్ల మందు వెళ్ళి ఉంటుంది. సెట్ కవరు మీద ఆ అంకె ఉంటుంది, చూడండి. నిమిషానికి మూడు చుక్కలను చేతితో నిలకడగా నిలపడం కూడా కష్టం, ఒక్క చుక్క పెరిగినా మోతాదు మూడో వంతు పెరుగుతుంది. అందుకే పంపు లేనిచోట డాక్టరు గారిని అడిగి మందును పలుచన చేయించుకోవాలి. అదే 200 మి.గ్రా. 250 మి.లీ.లో ఉంటే మి.లీ.కి 800 మైక్రోగ్రాములు. మన 44 కిలోల రోగికి నిమిషానికి 220 కావాలి కనుక మైక్రో సెట్‌లో నిమిషానికి 16 లేదా 17 చుక్కలు వస్తాయి. అప్పుడు ఒక చుక్క అటూఇటూ అయినా తేడా చిన్నదే.

నర్సింగ్ విద్యార్థిని, గుణుపురం: అసలు కాగితం అడిగి చూశానక్కా. ఆ అంకెలు పెన్సిలుతో ఒడియాలో రాసినవే, 44. నేను లెక్కను మూడుసార్లు సరిచూశాను గానీ, బరువును ఒక్కసారి కూడా అనుమానించలేదు.

ఫార్మసిస్టు, పర్లాకిమిడి: బరువు విషయంలో నేను పొరబడ్డానని ఒప్పుకుంటున్నాను. అయినా ఫొటోను పూర్తిగా నిషేధించాలంటే ఒప్పుకోను. మా వైపు రాత్రిపూట ఒక్క నర్సే ఉంటుంది. రెండో మనిషితో లెక్క సరిచూపించుకోవాలంటే ఫొటో పంపడం తప్ప ఆమెకు దారి లేదు.

ఐసీయూ స్టాఫ్ నర్సు, బరంపురం: అలాగైతే ఫొటోతో పాటు ఫోన్ కూడా చేసి, బరువును మాటల్లో "నలభై నాలుగు" అని చెప్పాలి, అవతలివారు తిరిగి చెప్పాలి. ఫొటో ఒక్కటే వస్తే నేను లెక్క వేసి ఇవ్వను సార్.