ఉగాది వారానికి బెల్లం ఎంత తెప్పించాలి? పోయినేడాది అంకె చూడాలా, నాలుగు వారాల సగటా?

తుని కుర్రాడు (ఫిబ్రవరి 2025)
మా నాన్నగారిది కిరాణా కొట్టు. 2023 ఏప్రిల్ నుంచి కంప్యూటర్ బిల్లులున్నాయి, అంటే 96 వారాలు. పైథాన్‌లో వారం వారం బెల్లం అమ్మకం అంచనా వేద్దామని, ఏటా తిరిగొచ్చే హెచ్చుతగ్గుల్ని పట్టే హోల్ట్-వింటర్స్ పద్ధతికి `seasonal_periods=52` ఇస్తే ఎర్రర్ వస్తోంది. నాన్నగారేమో నాలుగు వారాల సగటు చాలంటారు. ఎవరిది సరి?

తేజ
ఆ ఎర్రర్ ఎందుకంటే మొదటి విలువలు లెక్కగట్టడానికి దానికి రెండు పూర్తి ఏడాదులు, అంటే 104 వారాలు కావాలి. నీ దగ్గర ఎనిమిది తక్కువ. అది వదిలేసి, వారం వారం అమ్మకాల వరుస `w` అనుకుంటే, `w.shift(52)` పెట్టు. పోయినేడాది ఇదే వారం ఎంత అమ్మితే ఇప్పుడూ అంతే. మాకు సంక్రాంతికి బాగా కుదిరింది.

సూరిబాబు, భీమవరం
మా కొట్లో పాల ప్యాకెట్లు రోజూ మిగిలిపోతున్నాయి, అదే పెద్ద టెన్షన్. దీంతో అదీ తెలుస్తుందా?

లావణ్య
సూరిబాబు గారూ, పాలకి వారం లెక్క పనికిరాదండి, రోజువారీ చూడాలి. అది వేరే చర్చగా పెట్టండి, తప్పకుండా చెప్తాను.

తేజ గారూ, సంక్రాంతి ఏటా జనవరి 14, 15ల్లోనే వస్తుంది కాబట్టి మీకు కుదిరింది. ఉగాది అలా కాదు. 2024లో ఏప్రిల్ 9, ఈసారి మార్చి 30. మార్చి 24–30 వారానికి 52 వారాలు వెనక్కి వెళ్తే 2024 మార్చి 25–31 వస్తుంది. అది మామూలు వారం. పండగ వారంలో సరుకు చాలదు. పండగ అయిపోయాక, ఏప్రిల్ మొదట్లో, ఎక్కువ తెప్పించమంటుంది.

నాన్నగారి సగటు మామూలు వారాలకి సరైనదే. పండగ వల్ల పెరిగేది మాత్రం విడిగా కలపాలి.

```python
w = df.set_index("date")["kg"].resample("W-SUN").sum()
base = w.rolling(4).mean().shift(1)
print((w - base).abs().tail(26).mean())
```

చివరి లైను గత 26 వారాల్లో అంచనా సగటున ఎన్ని కిలోలు తప్పిందో చూపిస్తుంది. ఇక్కడ `shift(1)` మర్చిపోకండి. గత నాలుగు వారాలు 20, 24, 18, 22 కిలోలైతే సగటు 21. ఈ వారం 25 అమ్మితే తేడా 4. `shift` లేకపోతే ఈ వారం 25 కూడా సగటులో కలిసి 22.25 అవుతుంది, తేడా 2.75గా కనిపిస్తుంది. ఇంకా జరగని అమ్మకాన్ని చూసి అంచనా వేసినట్టన్నమాట.

తుని కుర్రాడు
మా సగటూ ఇప్పుడు 21 కిలోలే. పోయిన ఉగాదికి ముందు శని 10, ఆది 18, సోమ 14 కిలోలు అమ్మాం. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకే బెల్లం అయిపోయింది, జనాన్ని తిప్పి పంపాం.

లావణ్య
అయితే ఆ 14 అమ్మకమే గానీ గిరాకీ కాదు. మామూలు సోమవారాల బిల్లుల్లో ఒంటిగంట లోపు ఎంత భాగం పోతోందో చూడండి.

తుని కుర్రాడు
చూశాను. నూటికి 40.

లావణ్య
అంటే ఆ రోజు గిరాకీ దాదాపు 35 కిలోలు. మూడు రోజులకి 10, 18, 35 కలిపి 63. మామూలుగా మూడు రోజులకి 9 పోతుంది కాబట్టి పండగ వల్ల పెరిగింది 54. ఈసారి ఉగాది ఆదివారం, కొనేది గురు, శుక్ర, శని. మూడూ ఒకే వారంలో పడ్డాయి. 21కి 54 కలిపితే 75 కిలోలు. పోయినేడు పండగ కొనుగోలు రెండు వారాల మధ్య చీలింది, అందుకే వారం మొత్తాల్లో ఆ ఎత్తు సరిగా కనపడదు. పండగలకి మాత్రం రోజు లెక్కే పట్టండి.

తేజ
ఒప్పుకుంటాను, తేదీ మారే సంగతి నాకు తట్టలేదు. కానీ ఒక్క ఉగాది చూసి 54 అని ఎలా నమ్మాలి? పండగ ముందురోజు సాయంత్రం జనం ఎక్కువొస్తారు, మామూలు సోమవారం 40 శాతం అక్కడ నిలబడదు.

లావణ్య
నిజమే, ఆ అనుమానం నాకూ ఉంది. సాయంత్రం రద్దీ ఎక్కువైతే 35 కూడా తక్కువ అంచనాయే. సరుకు అయిపోని పండగ ఏదైనా ఉంటే, వరలక్ష్మీ వ్రతమో వినాయక చవితో, ముందురోజు ఒంటిగంట లోపు వాటా తీసి చూడండి.

సూరిబాబు, భీమవరం
ఒక మాట. పోయినేడు ఉగాది 9న, జీతాలు పడ్డాక వచ్చింది. ఈసారి 30న, నెలాఖరు. మా కొట్లో ఆఖరి వారం నగదు అమ్మకం తగ్గి ఖాతాలు పెరుగుతాయి. కిలో తీసుకునేవాళ్లు అరకిలోతో సరిపెడతారు. 75 ఎక్కువేమో.

లావణ్య
మంచి మాట అన్నారండి, అది నా లెక్కలో లేదు. ఇప్పటికే ఉన్న 96 వారాల్లో నెలాఖరు వారాలు విడదీసి, మిగతా వాటికంటే ఎంత తక్కువో చూడొచ్చు. పండగ కొనుగోలు కూడా అంతే తగ్గుతుందని మాత్రం చెప్పలేను.

తుని కుర్రాడు
నెలాఖరు వారాలు తీశాను, సగటు 19 వస్తోంది. నాన్నగారు 60 అంటున్నారు, నేను 75 అంటున్నాను. బెల్లం మిగిలినా తర్వాతి మూడు వారాల్లో పోతుంది, అయిపోతే మాత్రం జనం పక్క కొట్టుకి వెళ్తారు. అనకాపల్లి నుంచి 70 చెప్తున్నాం. 31న అమ్మకం రాస్తాను.