గుడి స్తంభాలు పెచ్చులు లేస్తున్నయి: కోటింగ్ కొట్టాల్నా, ఫ్లోరింగ్ తియ్యాల్నా?

పానగల్లు పక్కూరోడు
నల్లగొండ దగ్గర మా ఊరి పాత శివాలయం. రాతి మండపం, పన్నెండు స్తంభాలు. కింద రెండున్నర అడుగుల దాకా రాయి పెచ్చులు పెచ్చులుగా రాలుతున్నది, తెల్ల పొడి వస్తున్నది. పైన చూరు రాళ్ల మీద నల్ల పాచి, తెల్లటి గుండ్రని మచ్చలు. ప్రెషర్ వాషర్‌తో కడిగి సిలికాన్ కోటింగ్ కొట్టిస్తే పోతదని ఒకాయన కొటేషన్ ఇచ్చిండు. కమిటీ ఒప్పుకునేటట్టున్నది. చేయించొచ్చా?

సివిల్ సాయి
చేయించొచ్చు. సైలేన్-సిలోక్సేన్ కోటింగ్ బ్రిడ్జి పియర్లకు కొడతరు, నీళ్లు లోపలికి పోవు. నీళ్లు పోకపోతే రాయి పాడు కాదు, ఇంతే లెక్క. బ్రీతబుల్ రకం అడగండి, మామూలు పెయింట్ లాంటిది వద్దు.

హేమలత_ఎంబీఎన్‌ఆర్
చలికాలంలో రాయిలో నీళ్లు గడ్డకట్టి పగులుతుందని యూరప్ చర్చిల మీద ఒక వీడియోలో చూశాను. అక్కడ కూడా ఇట్లనే పెచ్చులు. ఇదీ అదే అయ్యుండొచ్చు కదా?

రాతి మరమ్మతు
హేమలత గారూ, కాదు. మంచు దెబ్బ తగలాలంటే రెండు జరగాలి: రాయి లోపలి ఉష్ణోగ్రత సున్నా కిందికి పోవాలి, అప్పటికి రాయిలోని సందులు దాదాపు నిండా నీళ్లతో ఉండాలి. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. సందుల్లో ఖాళీ ఉంటే ఆ పెరుగుదల అక్కడే సర్దుకుంటుంది. అందుకే మంచు దెబ్బ ముందుగా వానకు తడిసే పిట్టగోడల పైరాళ్లకు, నేలకు ఆనుకున్న తడి రాళ్లకు తగులుతుంది. లడఖ్‌లోనో హిమాచల్ పైకొండల్లోనో ఈ మాట ఆలోచించాలి. నల్లగొండ చలికి రాయిలో నీరు గడ్డకట్టదు.

పక్కూరోడు తమ్ముడూ, కొటేషన్ పక్కన పెట్టు. ముందు నాలుగు సంగతులు చెప్పు. పెచ్చులు లేచిన చోటు పైఅంచు అన్ని స్తంభాలకూ ఒకే ఎత్తులో ఉందా? చుట్టూ ఫ్లోరింగ్ ఏమిటి, ఎప్పుడు వేశారు? మండపం ఏ నీళ్లతో కడుగుతారు? పక్కన వరి మడి గానీ కాలువ గానీ ఉందా?

పానగల్లు పక్కూరోడు
అన్నా, గీత కొట్టినట్టు దాదాపు ఒకే ఎత్తు. ఐదేండ్ల కింద చుట్టూ సిమెంటు పోసి గ్రానైట్ పలకలు పరిచిండ్రు, స్తంభాల మొదళ్ల సందులు కూడా సిమెంటుతోనే పూడ్చిండ్రు. కడిగేది బోరు నీళ్లతోనే, పొద్దున రెండు బకెట్లు. నీళ్లు ఉప్పగుంటయి, టీడీఎస్ 1500 చూపెట్టింది. వెనక కాలువ కింద వరి. ఆ పక్క నేల చౌడు.

రాతి మరమ్మతు
అయితే నీ గుడికి రెండు రోగాలున్నాయి. రెండింటికీ ఒకటే మందు కొడితే ఒకటి ముదురుతుంది.

కిందిది ఉప్పు. నేలలోని తడిని రాయి వత్తిలా పైకి లాగుతుంది. తడితోపాటు చౌడు కరిగి వస్తుంది. ఇదివరకు ఆ తడిలో ఎక్కువ భాగం స్తంభాల చుట్టూ మట్టి నేలలోంచే ఆరిపోయేది. సిమెంటు పరిచాక అక్కడ దారి మూసుకుంది, ఇక స్తంభం ముఖమే దారి. తడి ఎంత ఎత్తు వెళ్లి ఆరిపోతుందో అక్కడే ఉప్పు గడ్డకడుతుంది. నువ్వన్న గీత అదే. పైపొర మీద కడితే తెల్ల పొడి, తుడిస్తే పోతుంది. పొర వెనక కడితే పెచ్చు లేస్తుంది. సిమెంటు కూడా తన వంతు క్షార లవణాలు రాతికి ఇస్తుంది.

బోరు నీళ్ల లెక్క చూడు. లీటరుకు 1500 మిల్లీగ్రాములంటే ఒకటిన్నర గ్రాములు. రెండు బకెట్లు ముప్పై లీటర్లనుకుంటే రోజుకు 45 గ్రాములు, ఏడాదికి 16 కిలోలు దాటుతుంది. చాలా భాగం కాలువలోకి పోతుంది, నిజమే. పలకల సందుల్లోకి, స్తంభాల మొదళ్లలోకి ఇంకేది మాత్రం ఎక్కడికీ పోదు.

సివిల్ సాయి
గ్రానైట్ అన్నా ఇది, ఇటుక కాదు. కంకరకు సౌండ్‌నెస్ టెస్టు చేస్తం, ఐ.ఎస్. 2386 ఐదో భాగం. సోడియం సల్ఫేట్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి ఓవెన్‌లో ఎండబెడతం, మళ్లా మళ్లా. మంచి గ్రానైట్ హాయిగా పాసైతది. ఉప్పుకు గ్రానైట్ రాలుతదంటే ఎట్ల నమ్మాలె?

రాతి మరమ్మతు
పాసయ్యేది క్వారీ నుంచి అప్పుడే తీసిన గట్టి రాయి. గుడి స్తంభం ముఖం వందల ఏళ్లు ఎండకూ వానకూ నిలిచింది, ఉలి దెబ్బలకు పైపొరలో సన్న పగుళ్లూ ఉన్నాయి. ఉప్పు నిలిచేది ఆ పగుళ్లలోనే. పైగా ఆ టెస్టు ఏం చెబుతుందో నువ్వే రాశావు: నానబెట్టడం, ఎండబెట్టడం, మళ్లీ నానబెట్టడం. ఎండిన సోడియం సల్ఫేట్‌కు మళ్లీ నీళ్లు తగిలినప్పుడు, నీటిని కలుపుకున్న పెద్ద స్ఫటికాలు కడతాయి, దెబ్బ అప్పుడు తగులుతుంది. ఈ గుడిలో రోజూ పొద్దున కడగడం, మధ్యాహ్నానికి ఎండడం. మీ ల్యాబు పని మండపంలో జరుగుతోంది.

సివిల్ సాయి
అందుకే కదా నీళ్లు ఆపే కోటింగ్ అంటున్న! బ్రీతబుల్ అని ముందే చెప్పిన. ఆవిరి బయటికి పోతది.

రాతి మరమ్మతు
ఆవిరి పోతుంది. ఉప్పు పోదు. తిరకాసంతా అక్కడే. కోటింగ్ లోపలికి కొన్ని మిల్లీమీటర్లు ఇంకుతుంది. నేల నుంచి వచ్చే తడి ఆ పొర వెనకదాకా వచ్చి, అక్కడ ఆవిరై, ఉప్పును అక్కడే వదులుతుంది. ఇప్పుడు పొడిగా రాలేది రేపు కోటింగ్ పట్టిన మందానే పలకలుగా ఊడుతుంది, చెక్కడంతో సహా. బ్రిడ్జి పియర్ సంగతి వేరు. అక్కడ కాంక్రీటు కొత్తది, ఉప్పు బయటి నుంచి వస్తుంది. ఇక్కడ ఉప్పు ఇప్పటికే లోపల ఉంది, కింద నుంచి ఇంకా వస్తోంది.

కొల్లాపూర్ సుజాత
మా ఇంటి బాత్రూం గోడ బయట ఇట్లనే పొడి రాలితే మేస్త్రీ వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసిండు. ఆరు నెలలకు పెయింట్ బుడగలొచ్చి ఊడింది, పైసలు మాత్రం వాపస్ ఇయ్యలే. పుట్టీ పెట్టి మళ్లా కొట్టించాల్నా?

మూసీ గట్టు
సుజాతక్కా, మీది ఇటుక గోడ, లోపల పైపు కారుతుండొచ్చు. పైపు చూపించండి. ఇక్కడ మాట్లాడేది గుడి రాయి గురించి.

రాతి మరమ్మతు
సుజాత గారి బుడగల వెనక కథ ఇదే. వేరే టాపిక్ పెట్టండి, చూద్దాం.

ఇక పై భాగం. చూరు మీది నల్లది పాచి, తెల్ల మచ్చలు బహుశా రాతిపువ్వు. బహుశా అన్నది ఎందుకంటే గుడిలో తెల్లగా కనబడేది ఉప్పు కావచ్చు, సున్నం కావచ్చు, విభూతి కావచ్చు. ఎండ రోజున మచ్చ మీద ఒక చుక్క మంచి నీళ్లు వేసి దగ్గరి నుంచి చూడు. ఉప్పయితే కరిగి మాయమై, ఆరాక అంచుల్లో మళ్లీ తెల్లబడుతుంది. రాతిపువ్వయితే కాసేపటికి రంగు మారి, సాధారణంగా పచ్చదనం తేలుతుంది. సున్నం కరగదు, రంగూ మారదు.

రాతిపువ్వని తేలితే పచ్చిగా ఉన్నప్పుడు గీకొద్దు. దాని పోగులు రాతి రేణువుల మధ్యకు పోయి ఉంటాయి, గీకితే రేణువులు దాంతోపాటే లేస్తాయి. ముందు చంపాలి. బెంజాల్కోనియం క్లోరైడ్ 50 శాతం ద్రావణం దొరుకుతుంది, లీటరు మందుకు అది 40 మిల్లీలీటర్లు, మిగతా మంచి నీళ్లు. అది 2 శాతం అవుతుంది. రెండు మూడు రోజులు వాన లేని సమయం చూసి, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని బ్రష్‌తో రాయాలి. రెండు మూడు వారాలు వదిలేస్తే గోధుమ రంగుకు తిరిగి పెళుసవుతుంది. అప్పుడు వెదురు పుల్ల, నైలాన్ బ్రష్, కొద్దిపాటి నీళ్లు. తీగల బ్రష్ వద్దు, యాసిడ్ అసలే వద్దు. ఈ మందు కూడా ఒక లవణమే కాబట్టి కింద పెచ్చులున్న భాగానికి తగలనీయొద్దు. చెక్కడం లేని చోట రాతిపువ్వును వదిలేసినా మునిగిపోయేదేం లేదు. చూరులో వాన నీరు ఎక్కడ నిలుస్తుందో అది సరిచేయకపోతే ఎట్లాగూ మళ్లీ వస్తుంది.

ప్రెషర్ వాషర్ రెండు చోట్లా వద్దు. పైన రేణువులు లేపుతుంది, కింద ఉప్పును ఇంకా లోపలికి కొడుతుంది.

పానగల్లు పక్కూరోడు
సరే అన్నా, కింద ఉప్పు ఎట్ల తియ్యాలె? పట్టీ వేస్తరని విన్న.

రాతి మరమ్మతు
వేస్తారు, కానీ అది చివరి పని. నేల తడి ఆపకుండా పట్టీ వేస్తే తీసినంత ఉప్పు మళ్లీ కింద నుంచి వస్తుంది. వరస ఇది: బోరు నీళ్లతో కడగడం ఇవ్వాళే ఆపండి, పొడి గుడ్డతో తుడవండి. సందుల్లో సిమెంటును చిన్న ఉలితో చేత్తో తీసి, ఒకటికి మూడు సున్నం-ఇసుకతో పూడ్చండి. గ్రైండర్ పెడితే అంచులు పోతాయి. స్తంభాల చుట్టూ, గోడ వెంట రెండడుగుల మేర పలకలు, కింది సిమెంటు తీసేయండి. ఒక ఎండాకాలం ఆరనివ్వండి. రాలిన పొడిని మెత్తటి బ్రష్‌తో కాగితం మీదికి దులిపి బయట పారేయండి, నేల మీద పడితే మళ్లీ లోపలికే.

తర్వాత పట్టీ. చీనామట్టి ఒక వంతు, కాగితపు గుజ్జు ఒక వంతు, కడిగిన సన్న ఇసుక రెండు వంతులు, అన్నీ డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి సెంటీమీటరున్నర మందం. ముందు ఒక స్తంభం మీద జానెడు మేర వేసి చూడాలి. మే నెలలో వేస్తే రెండు రోజుల్లో పగిలి రాతిని వదిలేస్తుంది, ఉప్పు లాగదు. డిసెంబరు, జనవరిలో నీడ కట్టి వేయాలి, తనంతట తాను ఆరేదాకా ఉంచాలి. తీసిన పట్టీ 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరాక కండక్టివిటీ మీటర్ పెట్టు. ప్రతి విడతకూ అంకె బాగా తగ్గాలి. రెండో విడతకూ మూడో విడతకూ తేడా లేకపోతే ఆపేయ్. తగ్గకపోగా పెరిగితే తడి ఇంకా వస్తున్నట్టు. గ్రానైట్ సన్న పగుళ్ల నుంచి మొత్తం ఉప్పు రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

సివిల్ సాయి
అసలు సంగతి ఇప్పుడు బయటికొచ్చింది. పలకలు తియ్యమంటున్నరు! ఊరోళ్లు చందాలేసుకుని పరిచిన ఫ్లోరింగ్ అది, దాతల పేర్లు చెక్కి ఉంటయి. ఐదేండ్లకే పీకితే రేపు గుడికి రూపాయి ఇచ్చేదెవరు? ఇట్లాంటి ఆప్రాన్ నేనే ఎన్నో గుళ్లకు పోయించిన, ఎవ్వరూ తప్పన్లే.

మూసీ గట్టు
కోటింగ్ గురించి ఇంత గట్టిగా ఎందుకు కొట్లాడుతున్నడో ఇప్పుడు సమజైంది.

సివిల్ సాయి
ఎటకారం వద్దు. ఆప్రాన్ తీస్తే వాన నీళ్లు సీదా పునాదిలోకి పోతయి. దానికి జవాబు చెప్పున్రి.

రాతి మరమ్మతు
ఈ ప్రశ్న సరైనది. ఊరికే తీసి వదిలేస్తే నువ్వన్నదే జరుగుతుంది. ఆ రెండడుగుల మేర మట్టి లేని కంకర పోసి, దాని అవతల మిగిలిన ఫ్లోరింగ్‌కు బయటికి వాలు ఇచ్చి, వాన నీరు కాలువలోకి పోయేట్టు చేయాలి. చూరు నీళ్లు కంకరలో పడకుండా దూరంగా తీసుకెళ్లాలి. దాతల పేర్లున్న పలకల్ని పగలగొట్టక్కర్లేదు, లేపి ప్రహరీ పక్కన పరిస్తే సరిపోతుంది.

సివిల్ సాయి
మరి వెనక వరి మడి? కాలువ వదిలినప్పుడల్లా నేల నీళ్లు పైకొస్తయి. రెండడుగుల కంకర దాన్ని ఆపుతదా?

రాతి మరమ్మతు
ఆపదు, ఆరేదారి ఇస్తుంది అంతే. మడి వైపు లోతుగా కందకం తీయాలేమో. పాత పునాది అడుగు ఎంత లోతుందో తెలియకుండా దాని పక్కన తవ్వితే మండపం కుంగుతుంది. ఒక మూల చిన్న గుంత తీసి చూస్తే గానీ ఏ లోతు అని చెప్పలేం. గుడి వారసత్వ శాఖ రక్షిత జాబితాలో ఉంటే ఆ గుంతకు కూడా అనుమతి కావాలి, ముందు అది కనుక్కో తమ్ముడూ.

పానగల్లు పక్కూరోడు
బోరు నీళ్లు రేపట్నుంచి బంద్ చేయిస్త, అది నా చేతుల్లో ఉన్నది. పలకల సంగతి కమిటీల పెడితే లొల్లే. సాయన్నా, నువ్వు ఒకసారి వచ్చి వాలు ఎటున్నదో చూస్తవా?

సివిల్ సాయి
వస్త. లెవల్ పట్టుకొస్త. పలకలు తీస్తనని మాత్రం అనలే.